కేదార్‌కంఠ బయల్దేరే ముందు: బ్యాగులో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు, ఏం వదిలి రావాలి

జనవరి రెండో వారంలో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ శిఖరానికి ట్రెక్కింగ్‌కి వస్తున్న మీ అందరికీ నమస్కారం.

డబ్బు కట్టేశారు, టికెట్లు తీసేసుకున్నారు. ఇక మిగిలింది బ్యాగు సర్దుకోవడమే. ఆ పని బయల్దేరే ముందు రోజు రాత్రి కాకుండా ఈ ఆదివారమే మొదలుపెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. కానీ ఇందులో ఉన్న ప్రతి మాటకూ వెనక ఎవరో ఒకరు పడిన ఇబ్బంది ఉంది కాబట్టి పూర్తిగా చదవండి.

ముందుగా మనం వెళ్తున్న చోటు గురించి. డెహ్రాడూన్ నుంచి మస్సూరీ, పురోలా, మోరీ మీదుగా రోజంతా ప్రయాణం చేస్తే సాంక్రి అనే ఊరు వస్తుంది. అది దాదాపు 6,400 అడుగుల ఎత్తులో ఉంది. రెండో రోజు అక్కడి నుంచి జుడా కా తాలాబ్ అనే చెరువు దగ్గరికి, మూడో రోజు బేస్ క్యాంపుకి చేరతాం. నాలుగో రోజు తెల్లవారుజామున 3 గంటలకు లేచి శిఖరానికి నడుస్తాం. శిఖరం ఎత్తు 12,500 అడుగులు. జనవరిలో అంతా మంచే. రాత్రి పూట మైనస్ 10 డిగ్రీల దాకా పడిపోవడం మామూలే. లంబసింగిలో చలి చూశాం కదా అనుకోవద్దు. అక్కడ చలేస్తే టీ కొట్టు దగ్గర మంట ముందు కూర్చోవచ్చు. ఇక్కడ మీ ఒంటి వేడిని మీ బట్టలే కాపాడాలి, ఇంకేదీ కాపాడదు.

మొదటి పని: బూట్లు, ఈ వారమే

మీ దగ్గర ట్రెక్కింగ్ బూట్లు లేకపోతే ఈ శనివారం లోపు కొనండి. సాయంత్రం పూట షాపుకి వెళ్లండి, ఎందుకంటే రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, కొండ మీదా అలాగే ఉబ్బుతుంది. మందపాటి సాక్స్ వేసుకుని బూటు తొడిగి, లేసు కట్టక ముందు పాదాన్ని ముందుకు జరపండి. మడమ వెనక ఒక వేలు దూరాలి. దూరకపోతే దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. చీలమండ పైదాకా వచ్చే బూటే కావాలి, అడుగున లోతైన గాడులు ఉండాలి. జాగింగ్ షూస్‌తో వస్తే సాంక్రి దాటనివ్వను. వాటి పైభాగం జాలీ గుడ్డ, మంచు నీళ్లు లోపలికి వచ్చేస్తాయి. అడుగుభాగం చలికి గట్టిపడి జారుతుంది.

కొన్నవాటిని పెట్టెలో దాచకండి. రోజూ తొడుక్కుని నడవండి. బయల్దేరేలోపు కనీసం 25 కిలోమీటర్లు నడిస్తే ఎక్కడ రాసుకుంటోందో ఇంట్లోనే తెలిసిపోతుంది.

పాత బూట్లు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మూడు నాలుగేళ్లుగా అటక మీద ఉన్న బూటు పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, కానీ చాలా బూట్ల అడుగున ఉండే మెత్తటి పొర వాడకపోయినా గాలిలోని తేమకే పాడైపోతుంది. రెండేళ్ల కిందట మా బ్యాచ్‌లో ఒకాయన అలాంటి బూట్లతో వచ్చారు. జుడా కా తాలాబ్‌కి ఇంకా గంట దూరం ఉందనగా ఒక అడుగుభాగం అట్టముక్కలా ఊడి చేతికి వచ్చింది. తాడుతో కట్టి నడిపించాం. మరుసటి రోజు ఆయన వెనక్కి దిగిపోవాల్సి వచ్చింది. అందుకే ఇవాళే బూటు పట్టుకుని మధ్యకి గట్టిగా వంచండి, మడమ పక్కన బొటనవేలితో నొక్కండి. చీలికలు కనిపించినా, సున్నంలా పొడి రాలినా ఆ జత వద్దు.

సాంక్రిలో బూట్లు అద్దెకి దొరుకుతాయి. జాకెట్టు, చేతికర్ర అద్దెకి తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. బూట్లు మాత్రం మీ కాలికి అలవాటైనవే ఉండాలి.

రెండో పని: బీరువాలోంచి కాటన్ బట్టలు పక్కన పెట్టడం

మన వాళ్లతో ప్రతి ఏడూ నాకు ఎక్కువ వాదన అయ్యేది దీని దగ్గరే. మన ఎండలకి కాటన్ ఎంత హాయో, మంచులో అంత ప్రమాదం. ఎక్కేటప్పుడు మైనస్‌లో కూడా చెమట పడుతుంది. కాటన్ ఆ చెమటని పీల్చి పట్టుకుంటుంది, ఆరదు. పైకి చేరి నిలబడగానే గాలి కొడుతుంది, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. పది నిమిషాల్లో పళ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. పైన ఎంత ఖరీదైన జాకెట్టు వేసుకున్నా లోపల బనియన్ కాటన్‌ది అయితే లాభం లేదు. లోదుస్తులకీ ఇదే వర్తిస్తుంది, సాక్స్‌కీ ఇదే.

ఏది పనికొస్తుందో తెలియకపోతే ఒక చిన్న పరీక్ష చేయండి. బట్టని తడిపి, గట్టిగా పిండి, రాత్రి ఫ్యాను కింద ఆరేయండి. రెండు మూడు గంటల్లో ఆరితే బ్యాగులో పెట్టండి. పొద్దున లేచేసరికి కూడా నడుము దగ్గర చెమ్మగా ఉంటే అది ఇంట్లోనే ఉండాలి. జీన్స్ ఈ పరీక్షలో ఎప్పుడూ నెగ్గదు.

ఒంటి మీద నాలుగు పొరలు ఉండాలి. చర్మానికి ఆనుకుని థర్మల్స్, పైనా కిందా కలిపి రెండు జతలు. వాటిలో ఒకటి పడుకోవడానికి మాత్రమే, నడిచేటప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. థర్మల్ మీద త్వరగా ఆరే ఫుల్ హ్యాండ్స్ టీషర్టు. దాని మీద మెత్తటి నూగు ఉన్నిలా ఉండే ఫ్లీస్ చొక్కా. ఆపైన దూది దుప్పటిలా ఉబ్బి ఉండే పఫర్ జాకెట్టు. ఇవన్నీ కాకుండా వానకీ గాలికీ ఆగే పలచటి పైచొక్కా ఒకటి విడిగా ఉండాలి. నడిచేటప్పుడు పఫర్ జాకెట్టు వేసుకోరు, ఆగినప్పుడు వేసుకుంటారు. ఈ ఒక్క అలవాటు వస్తే సగం చలి మీ దగ్గరికి రాదు. కింద త్వరగా ఆరే ప్యాంట్లు రెండు చాలు. సాక్స్ నడకకి మూడు జతలు, పడుకోవడానికి ఉన్నివి ఒక జత. మంకీ క్యాప్ ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా తెచ్చుకోండి, చెవులకి దాన్ని మించింది లేదు.

చేతి గ్లోవ్స్ విషయం విడిగా చెప్పాలి. రెండు రకాలు కావాలి. లోపల వేసుకునే పలచటి ఫ్లీస్‌వి, వాటి మీద తడి దిగనివి. కిందటేడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక చెల్లి ఒకే జత ఉన్ని గ్లోవ్స్‌తో వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం చెరువు దగ్గర అందరితో కలిసి మంచు ముద్దలు విసురుకుంది, గ్లోవ్స్ తడిసిపోయాయి. రాత్రికి టెంటులో ఆరలేదు సరికదా గడ్డకట్టాయి. పొద్దున వాటినే వేసుకుని నడిచింది. గంట తర్వాత "అన్నా, వేళ్లు ఏం తెలియట్లేదు" అంది. తీసి చూస్తే రెండు వేళ్ల కొసలు మైనంలా తెల్లగా ఉన్నాయి. చంకల్లో పెట్టించి పావుగంట కూర్చోబెట్టాం. నొప్పితో ఏడ్చింది, కానీ రంగు తిరిగి వచ్చింది. రంగు రాకపోయి ఉంటే అటునుంచి అటే ఆసుపత్రికి దించేవాళ్లం.

ఆ తెల్లదనం, తిమ్మిరి మీ వేళ్లలో కనిపిస్తే వెంటనే చెప్పండి. చేతులు రుద్దుకోవద్దు, మంచుతో అసలు రుద్దొద్దు, మంట దగ్గర పెట్టొద్దు. స్పర్శ తెలియని వేలికి కాలుతున్న సంగతి కూడా తెలియదు.

తప్పనిసరిగా ఉండాల్సిన మిగతావి

తలకి కట్టుకునే టార్చి. చేతిలో పట్టుకునేది, ఫోన్‌లో ఉండేది కుదరదు, ఎందుకంటే శిఖరానికి నడిచే రాత్రి ఒక చేతిలో కర్ర ఉంటుంది, రెండో చేయి పట్టు కోసం ఖాళీగా ఉండాలి. బ్యాటరీలు ఒక జత అదనంగా తెచ్చుకోండి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలికి త్వరగా చచ్చుబడతాయి, లిథియంవి నిలుస్తాయి.

నల్ల కళ్లద్దాలు, యూవీ అని రాసి ఉన్నవి. ఎండ మంచు మీద పడి కింద నుంచి కంటికి కొడుతుంది. అద్దాలు లేకుండా ఒక పూట నడిస్తే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది, నీళ్లు కారతాయి, తెరవలేరు. పవర్ అద్దాలు వాడేవాళ్లు వాటి మీద పట్టే పెద్ద సైజు నల్లద్దాలు తెచ్చుకోండి. కాంటాక్ట్ లెన్స్ వాడేవాళ్లు ఆ నీళ్ల డబ్బాని రాత్రి స్లీపింగ్ బ్యాగులోనే పెట్టుకోవాలి, లేకపోతే గడ్డకడుతుంది.

ఒక్కో లీటరు నీళ్ల సీసాలు రెండు, వాటిలో ఒకటి వేడి నిలిపే ఫ్లాస్కు. గొట్టంతో పీల్చే నీళ్ల సంచి తేవద్దు, ఆ గొట్టంలో నీళ్లు ముందుగా గడ్డకడతాయి. రాత్రి సీసాని తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైనుంచి కట్టుకుంటూ వస్తుంది కాబట్టి పొద్దున తిప్పితే మూత దగ్గర నీళ్లు ఉంటాయి.

50 లీటర్ల బ్యాగు, నడుము బెల్టు ఉన్నది. పైన వేసే వాన తొడుగు ఒక్కటే నమ్ముకోవద్దు, వీపు వైపు నుంచి తడి దిగుతుంది. లోపల ఒక పెద్ద నల్ల చెత్త కవరు పరిచి అందులో బట్టలు సర్దండి. మంచులో జారకుండా బూటుకి తగిలించే మైక్రోస్పైక్స్, మోకాలి దాకా కట్టే గైటర్లు, స్లీపింగ్ బ్యాగు మేమే ఇస్తాం, కొనకండి. సన్‌స్క్రీన్, లిప్ బామ్, ఆధార్ కార్డు మరిచిపోవద్దు. పురోలా దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు, చేతిలో కొంత నగదు ఉంచుకోండి.

మందులు. రోజూ వేసుకునేవి రెండింతలు తెచ్చి రెండు చోట్ల పెట్టండి. ఒక బ్యాగు తడిసినా, తప్పిపోయినా రెండోది ఉంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని బ్యాగులో కాకుండా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఆస్తమా ఇన్‌హేలర్ కూడా అంతే, చల్లబడితే మందు సరిగా రాదు. ఎత్తు పడకపోవడాన్ని ఆపడానికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అని చాలామంది ఫోన్ చేస్తున్నారు. అది మీ డాక్టరు చెప్పాల్సిన మాట. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుతో ఆ సంగతి తప్పకుండా చెప్పండి. బీపీ, షుగరు, గుండె జబ్బు, ఫిట్స్, ఏదైనా ఉంటే నా దగ్గర దాచకండి. చెప్పినంత మాత్రాన మిమ్మల్ని ఆపేయను, మీ పక్కన నడిచే గైడుకి తెలిసి ఉండాలి, అంతే.

తేకూడనివి

మద్యం, సిగరెట్లు. ఇందులో బేరం లేదు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుని లోపలి వేడి బయటికి పోతుంది. అంతకంటే పెద్ద కారణం ఇంకోటుంది. ఎత్తు పడకపోతే ముందుగా కనిపించేవి తలనొప్పి, వికారం, తిండి సహించకపోవడం. రాత్రి తాగినవాడికి పొద్దున కనిపించేవీ అవే. రెండిట్లో ఏదో మాకు తెలియకపోతే, కిందికి దించాల్సిన మనిషిని పైకి తీసుకెళ్లే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలూ వద్దు. పలచటి గాలిలో అవి రాత్రి ఊపిరిని ఇంకా నెమ్మది చేస్తాయి.

కొవ్వొత్తులు, కర్పూరం, అగరుబత్తీలు, లైటర్లు, బొగ్గు, చిన్న గ్యాస్ పొయ్యిలు. టెంటులో ఏ మంటా వెలిగించకూడదు. చలికి జిప్పులన్నీ మూసుకుని లోపల మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి వాసన ఉండదు, పొగలా కనిపించదు, మత్తుగా నిద్ర వచ్చినట్టు ఉంటుంది. ఆ నిద్రలోంచి లేవని వాళ్లు ఉన్నారు. వీటిలో లైటర్లనూ గ్యాస్ డబ్బాలనూ విమానంలోకి కూడా రానివ్వరు.

శిఖరం మీద చిన్న శివుడి గుడి ఉంది. అక్కడ కొబ్బరికాయ కొట్టాలని, హారతి ఇవ్వాలని మనవాళ్లు చాలామంది అడుగుతారు. మీ భక్తిని నేను కాదనను. కానీ ఆ పైన ఊడ్చేవాళ్లు లేరు. అరటి తొక్క కూడా ఆ చలికి కుళ్లకుండా నెలల తరబడి అలాగే ఉంటుంది. కొబ్బరికాయ, పూలదండ, కుంకుమ ప్యాకెట్లు కింద సాంక్రిలోనే ఉంచి, పైన చేతులు జోడించి దండం పెట్టుకుని రండి.

మనం నడిచేది గోవింద్ పశు విహార్ నేషనల్ పార్కు, వన్యప్రాణి అభయారణ్యం పరిధిలో. అనుమతి లేని డ్రోన్లు, బ్లూటూత్ స్పీకర్లు, టపాసులు తేవద్దు. గాజు సీసాలు వద్దు. ఆవకాయ, గోంగూర లేకపోతే ముద్ద దిగదని తెలుసు, అందుకే నూనె తక్కువగా ఉన్న పచ్చడి గట్టి మూత ఉన్న చిన్న స్టీలు డబ్బాలో తెచ్చుకోండి, లేదంటే కారప్పొడి ఇంకా మంచిది. చిక్కీలు, ఖర్జూరాలు, జీడిపప్పు ప్యాకెట్లు ఇంట్లోనే విప్పి డబ్బాల్లో పోసుకుని రండి. తడి టిష్యూలు ఎక్కువ భాగం ప్లాస్టిక్ నారతో చేస్తారు, మట్టిలో కలవవు. వాడితే తిరిగి తేవాలి. శానిటరీ ప్యాడ్లకీ అదే నియమం. వాటికోసం రెండు జిప్ కవర్లు, ఒక నల్ల కవరు పెట్టుకోండి. మా బృందంలో ఉన్న అక్క సాంక్రిలో ఆడవాళ్లందరితో దీని గురించి విడిగా మాట్లాడుతుంది.

వదిలి రావాల్సినవి

బంగారం ఇంట్లో వదిలేయండి. ఉంగరాలు తప్పకుండా తీసేయాలి. ఎత్తులో వేళ్లు ఉబ్బుతాయి, అప్పుడు ఉంగరం రక్తం ఆడనివ్వదు, తీయాలన్నా రాదు. మెట్టెల గురించి చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది, అయినా చెప్పాలి. మందపాటి సాక్స్, బిగుతు బూటు, రోజుకి ఐదారు గంటల నడక, వీటి మధ్య మెట్టె పక్క వేలిని కోసేస్తుంది, వేలికి రక్తం సరిగా ఆడక ముందుగా అక్కడే మొద్దుబారుతుంది. సాంక్రిలో బూటు తొడిగే ముందు తీసి, దారానికి కట్టి మెడలో వేసుకోండి. మా అమ్మ వచ్చినప్పుడు ఆవిడా అలాగే చేసింది.

డెహ్రాడూన్ దాకా వేసుకొచ్చే బట్టలు, చెప్పులు, లాప్‌టాప్, తిరుగు ప్రయాణం బట్టలు ఒక చిన్న సంచిలో వేసి పేరు రాసి తాళం వేయండి. సాంక్రిలో మన గదిలో ఉంటుంది, దిగి వచ్చాక తీసుకోవచ్చు. అందుకే మీరు రెండు బ్యాగులతో బయల్దేరాలి, ఒక పెద్ద బ్యాగులో అన్నీ కలిపేస్తే అక్కడ రాత్రి పూట విడదీయడం కష్టం. పవర్ బ్యాంకు మాత్రం విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. కర్రలు, సొంత మైక్రోస్పైక్స్ ఉంటే చెక్-ఇన్‌లో వేయండి.

చివరి పని: తూకం

కొండ ఎక్కే బ్యాగు నీళ్లు లేకుండా 9 కిలోలు దాటకూడదు. బరువు తూచే మిషను మీద ముందు మీరు ఎక్కండి, తర్వాత బ్యాగుతో ఎక్కండి, తేడా చూడండి.

కిందటి డిసెంబరులో విజయవాడ తమ్ముడొకడి బ్యాగు సాంక్రిలో తూచితే 13.5 కిలోలు వచ్చింది. "అన్నా, అన్నీ అవసరమైనవే" అన్నాడు. మంచం మీద పరిపించాను. రెండు జీన్సులు 1.4 కిలోలు. టర్కీ టవలు 600 గ్రాములు. గాజు సీసాలో పచ్చడి 800. రెండో జత బూట్లు 900. ఒక పుస్తకం 400. షాంపూ, ఫేస్ వాష్, డియో కలిపి అర కిలో. కాటన్ హుడీ 700. ఇవన్నీ తీసేస్తే 5.3 కిలోలు తగ్గి, బ్యాగు 8.2కి వచ్చింది. వాటిలో ఒక్కటి కూడా పైన గుర్తు రాలేదని తిరిగి వచ్చాక తనే చెప్పాడు.

సర్దేటప్పుడు స్లీపింగ్ బ్యాగు, రాత్రి బట్టలు అడుగున పెట్టండి. బరువైనవి వీపుకి ఆనేలా మధ్యలో, వానచొక్కా, అదనపు గ్లోవ్స్, టార్చి పైన ఉండాలి. మంచు కురుస్తుంటే బ్యాగంతా విప్పి వెతుక్కునే పరిస్థితి రాకూడదు. రాత్రి పూట ఫోను, బ్యాటరీలు, మర్నాటి సాక్స్ స్లీపింగ్ బ్యాగులో మీతోనే పడుకోవాలి.

సాంక్రి చేరిన సాయంత్రం అందరి బ్యాగులూ విప్పి చూస్తాను. బూట్లు, తలటార్చి, కళ్లద్దాలు, రెండు రకాల గ్లోవ్స్, పఫర్ జాకెట్టు, వీటిలో ఏది లేకపోయినా, అద్దెకి దొరకకపోయినా, ఆ మనిషి సాంక్రిలోనే ఉండిపోవాలి. డబ్బు కట్టిన మనిషికి ఆ మాట చెప్పడం నాకు చాలా కష్టం. దయచేసి నాకు ఆ పరిస్థితి రానివ్వకండి.

వచ్చే ఆదివారం రాత్రి లోపు ప్రతి ఒక్కరూ నాకు మూడు పంపాలి: మీ బూటు అడుగుభాగం ఫోటో, మంచం మీద పరిచిన సామాను ఫోటో, బ్యాగు బరువు. ఏదైనా కొనాలో వద్దో సందేహం ఉంటే కొనకముందే ఫోన్ చేయండి. రాత్రి తొమ్మిది దాకా ఎత్తుతాను.

ఇట్లు,
మీ ట్రెక్ నిర్వాహకుడు